వంతెన లోడ్ టెస్ట్ రిపోర్టుపై కార్యనిర్వాహక ఇంజినీరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యనిర్వాహక ఇంజినీరు గారికి,

మా వాగు వంతెన లోడ్ టెస్ట్ రిపోర్టుపై రాసిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

పరీక్ష బరువుకు స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య భాగం, నడిమిన 14.2 మి.మీ. కుంగుతుందని డిజైన్ లెక్క. పూర్తి బరువు 24 గంటలు ఉంచాక కుంగింది 11.8. లెక్క కన్నా తక్కువే కాబట్టి 'సంతృప్తికరం' అని రిపోర్టు ముగించారు. కానీ ఇది సగం పరీక్షే. బరువు తీసేశాక స్పాన్ ఎంత వెనక్కి లేచిందన్నది మిగతా సగం. మనదిలాంటి ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు, అంటే లోపలి ఉక్కు తీగలను ముందే బిగించిన కాంక్రీటు వంతెన 24 గంటల్లో కనీసం 85 శాతం తేరుకోవాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్‌పీ 51 చెబుతోంది. మీ అనుబంధం పట్టికలోనే బరువు తీశాక చివరి రీడింగులో మిగిలిన కుంగుదల 2.4 మి.మీ. అంటే తేరుకున్నది 9.4, దాదాపు 80 శాతం. ఈ భాగహారం రిపోర్టులో ఎవరూ చేయలేదు, లేదా చేసి రాయలేదు.

ఎండకు డెక్ పైభాగం వేడెక్కితే స్పాన్ కాస్త పైకి లేస్తుంది, కుంగుదల తక్కువగా కనిపిస్తుంది. అందుకే బరువు పెట్టకముందే ఒక రోజంతా ఉష్ణోగ్రతతో పాటు రీడింగులు తీసి సవరించాలి. రిపోర్టులో ఉష్ణోగ్రత వివరాలే లేవు. స్తంభాల మీద స్పాన్‌ను మోసే బేరింగుల దగ్గర కదలిక కూడా నమోదు కాలేదు. కాబట్టి తేడా కాంక్రీటుదా, బేరింగులదా, ఎండదా అన్నది ఎవరూ చెప్పలేరు.

వంతెన తెరవాలని మాకూ ఆత్రమే. వానొస్తే పిల్లలు కాజ్‌వే మీద నీళ్లలో నడుస్తున్నారు, గర్భిణులను చుట్టుదారిన తీసుకెళ్తున్నాం. అయినా ఇసుక లారీలు ఎక్కే వంతెన కదా, మాకు భయం లేకుండా ఎలా ఉంటుంది?

అన్ని రీడింగులూ బయటపెట్టండి. ఉష్ణోగ్రత, బేరింగుల కదలిక కొలుస్తూ, మీ డివిజన్‌కు సంబంధం లేని నిపుణుల సమక్షంలో పరీక్ష మళ్లీ చేయించండి. అప్పటిదాకా భారీ వాహనాలను అనుమతించవద్దు.

ఇట్లు,
వాగు అవతలి గ్రామస్థుడు, విశ్రాంత సైట్ ఇంజినీరు