ఇంపెల్లర్ తయారీ ఎందుకు ఆపడం లేదంటే

“పంపులో నీటిని తోసే ఇంపెల్లర్ మీకు ఒక్కోటి 220 రూపాయలు పడుతోందన్నారు. బయట 180కే ఇస్తున్నారు. కొనేసి పంపు ధర తగ్గించొచ్చు కదా?”

తగ్గించలేం. బయట కొంటే మా ఖర్చు పెరుగుతుంది.

220 అన్నది నెలకు 1000 చేసినప్పుడు పుస్తకాల్లో తేలే అంకె. పోతకు 90, మెషినింగ్ కూలీకి 40, కరెంటుకూ టూల్ బిట్లకూ 20, మొత్తం 150. తయారీ ఆపితే ఇవన్నీ ఆగిపోతాయి. కూలీ పీసు లెక్కన ఇస్తున్నాం కాబట్టే దాన్ని ఇందులో కలిపాం. నెల జీతమైతే పని లేకపోయినా ఇవ్వాల్సిందే, అప్పుడు ఆ 40 ఈ లెక్కలోకి రాదు.

మిగతా 70 స్థిర ఖర్చుల వాటా, అంటే నెలకు 70,000. జనం పొరపాటు పడేది ఇక్కడే. అందులో 58,000 షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం, లేత్ తరుగుదల. ఇంపెల్లర్ మానేసినా ఇవి ఎక్కడికీ పోవు, మిగతా భాగాల నెత్తిన పడతాయి. నిజంగా తప్పేది బ్యాలెన్సింగ్ మెషీన్ అద్దె 12,000 మాత్రమే, అదీ నెల ముందు నోటీసు ఇస్తేనే.

అంటే ఒక్కోదానికి 12. కాబట్టి పోల్చాల్సిన అంకె 150కి ఆ 12 కలిపి 162. బయటి సరుకుకు 180తో పాటు రవాణాకూ, వచ్చాక మధ్య రంధ్రం కొలిచి చూడడానికీ 5 కలిపితే 185. నెలకు 23,000 తేడా, మేం చేసుకోవడమే చౌక.

అయితే ఇది లేత్ ఖాళీగా ఉన్నంతవరకే. ఒక్కో ఇంపెల్లర్‌కు 12 నిమిషాలు, వెయ్యికి 200 గంటలు. ఆ గంటల్లో చేయగలిగిన వేరే పని ఉంటే, దాన్ని వదులుకోవడమూ ఖర్చే. 23,000ను 200తో భాగిస్తే గంటకు 115. షాఫ్టుల ఆర్డర్లు వాటి సొంత ఖర్చులు పోను గంటకు 150 మిగులుస్తాయి. అవి 200 గంటలూ నిండేన్ని వస్తే 30,000 మిగులుతుంది, అప్పుడు ఇంపెల్లర్లు కొనడమే మేలు.

మరి షాఫ్టులు 80 గంటలకే సరిపడా వస్తే? 400 ఇంపెల్లర్లు కొని 600 చేసుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 600 చేసినా బ్యాలెన్సింగ్ మెషీన్ ఉండాలి, దాని అద్దె తప్పదు. అప్పుడు పోలిక 185కూ 150కీ మధ్య. ఒక్కోదానికి 35, గంటకు ఐదు చొప్పున 175 నష్టం. వచ్చేది 150. అంటే మొత్తం మానేస్తే లాభించే పని సగంలో ఆపితే చేతినుంచి పోతుంది.

ప్రస్తుతం లేత్‌కు ఖాళీ ఉంది కాబట్టి ఇంపెల్లర్ మేమే చేస్తున్నాం, పంపు ధర మారదు. షాఫ్టుల పని పూర్తిగా నిండిన నెల బయట కొంటాం. ఆ పంపుల డబ్బా మీద ఆ సంగతి రాస్తాం, వారంటీ మాత్రం ఇప్పుడున్నట్టే మాదే.