శీనుకి, మూడు గళ్ల స్లైడ్ గురించి

ఒరేయ్ శీనూ,

పిల్లలకి పాఠం చెప్పడానికి నువ్వు చేసిన స్లైడ్ చూశాను. మూడు గళ్లు: చట్టం చేసేది శాసనశాఖ, అమలు చేసేది కార్యనిర్వాహక శాఖ, తీర్పు చెప్పేది న్యాయశాఖ. కింద ఊరూ పేరూ లేని ఉదాహరణ. చట్టం వచ్చింది, పోలీసులు పట్టుకున్నారు, జడ్జి తీర్పిచ్చాడు, కథ కంచికి. అదేంట్రా, తీర్పు తర్వాత ఏం జరుగుతుందన్నదే కదా అసలు సంగతి! ఆ ఉదాహరణ తీసేసి 66ఎ సెక్షన్ కథ చెప్పు. పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఇట్టే పట్టేస్తారు.

2008లో పార్లమెంటు ఐటీ చట్టాన్ని సవరించి ఈ సెక్షన్ చేర్చింది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఎదుటివాళ్లని తీవ్రంగా నొప్పించేది పంపితే మూడేళ్ల దాకా జైలు. నొప్పించడమంటే ఏమిటో చట్టంలో ఎక్కడా లేదు. కాబట్టి అది తేల్చే పని స్టేషన్‌లో పోలీసుల మీద పడింది. 2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబైలో అంతా మూతపడింది. ఎందుకిలా అని ముంబై దగ్గరి పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు, కేసులో ఈ సెక్షన్ కూడా పెట్టారు. శ్రేయా సింఘాల్ అనే లా విద్యార్థిని సుప్రీంకోర్టుకెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్ (మన కృష్ణా జిల్లా ఆయనే), జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్ భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేశారు.

నీ స్లైడ్ అయితే ఇక్కడ ఆగిపోతుంది. కానీ కోర్టు సెక్షన్ చెల్లదని చెప్పగలదే గానీ, చట్టంలోంచి ఆ అక్షరాలు చెరపలేదు. అది పార్లమెంటు పని. అందుకే 2023లో పార్లమెంటు తీసేసేదాకా పుస్తకాల్లో 66ఎ అలాగే ఉండిపోయింది, కొట్టేశారన్న మాట కింద ఫుట్‌నోట్‌లో. ఎఫ్‌ఐఆర్ రాసేవాడు ఫుట్‌నోట్ చూస్తాడా? కేసులు పడుతూనే వచ్చాయి. కోర్టుకి సొంత పోలీసులు లేరు కదా! తీర్పు కాపీలు అన్ని రాష్ట్రాల పోలీసు పెద్దలకూ పంపాలని 2019లో చెప్పింది. అయినా ఆగలేదని తెలిసి 2021లో విస్తుపోయింది. ఈ సెక్షన్ కింద ఎవరినీ విచారించకూడదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

ఇంకొకటి. మూడు గళ్ల మధ్యా ఒకే మందం గీతలు గీశావు. మన దగ్గర మంత్రులు చట్టసభలో సభ్యులే, బిల్లులు ఎక్కువగా తెచ్చేదీ వాళ్లే. ఆ రెండు గళ్ల మధ్య చుక్కల గీత చాలు. న్యాయశాఖ చుట్టూ మాత్రం గట్టిగా గియ్యి. రాజ్యాంగం 50వ అధికరణం వేరు చేయమన్నది కూడా న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచే.

"మరి పోలీసులు తీర్పు వినకపోతే?" అని ఎవడో ఒకడు అడుగుతాడు చూడు. కోర్టు ధిక్కారం కేసు వేయొచ్చని చెప్పు. కాకపోతే చాలాసార్లు బాధితుడే మళ్లీ వకీలుని పెట్టుకుని కోర్టు మెట్లెక్కాలి, అదీ చెప్పు.

మార్చాక ఓసారి పంపరా, చూస్తాను.

నీ
రవి