ఫొటో చూసి అసలు, నకిలీ చెప్పుడు ఇగ బంద్

"అంకుల్, ఇది మా తాత జేబు గడియారం. అసలుదా, డూప్లికేటా? ఫొటో చూసి చెప్పుండ్రి."

చండూరు దిక్కు నుంచి పదో తరగతి చదివే పిల్లగాడు పోయిన నెల పంపిన మెసేజ్ ఇది. ఐదు నిమిషాలల్ల జవాబు పెట్టిన: "డూప్లికేట్, బిడ్డా." ఆ జవాబు తప్పు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా నాయన పెట్టిన దుకాణానికి ఏండ్ల సంది వస్తున్న మీకు ఈ సంగతి వేరేవాళ్ల నోట కాకుండా నా నోటనే తెలవాలని రాస్తున్న.

పిల్లగాడు పంపింది ఒక్కటే ఫొటో, అది కూడా ముఖం వైపుది. డయల్ మీద వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ అని ఉన్నది. ఈ పేరు మన తాతల కాలంలో తెలవనోళ్లు తక్కువ. మిషన్ స్విట్జర్లాండ్‌ల తయారై, బొంబాయి, కలకత్తాలల్ల అమ్ముడు పోయేది. ఫొటోను పెద్దగ చేసి చూస్తే అక్షరాల అంచులు సిరా పీల్చిన కాగితం లెక్క ఉబ్బి ఉన్నయి. నిమిషాల గీతల నడుమ ఎడం సమానంగ లేదు. కింద ఆరు అంకె దగ్గర చానావాటికి ఉండే స్విస్ మేడ్ అన్న మాట అసలే లేదు. కంపెనీల అచ్చు వేసిన డయల్ ఇట్ల ఉండదు. డయల్ గురించి ఆ రోజు నేను చూసినదాంట్ల తప్పు లేదని ఇయ్యాల కూడా అంట. నా తప్పు ఏందంటే, డయల్ చూసి గడియారం మొత్తానికి తీర్పు చెప్పిన.

రెండు రోజుల తర్వాత పిల్లగాడు మళ్ల రాసిండు. "తాత అన్నం తింటలేడు అంకుల్. వాళ్ల నాయన మోసపోయిండేమో అంటున్నడు. లోపల కూడా ఫొటో తీస్త, ఎట్ల తియ్యాల్నో చెప్పుండ్రి." ఆ మాట చదివినంక దుకాణంల చేతిపని సాగలేదు.

ఫోన్ చేసి ఒక్కొక్కటి చెప్పిన. కూరగాయల కత్తితో మూత లేపొద్దు. జారితే మొన పోయి బ్యాలెన్స్ చక్రానికి తాకుతది, దానికి ఉండే హెయిర్ స్ప్రింగ్ వెంట్రుక అంత సన్నగ ఉంటది, వంగితే సరిచేసుడు మా అసుంటోళ్లకే కష్టం. పాత జేబు గడియారాలకు చానావరకు మడత బందు మీద తెరుసుకునే మూత ఉంటది. అంచు పొంటి గోరు తిప్పుకుంట పోతే ఒక్క చోట చిన్న పెదవి తగులుతది, అక్కడ బొటనవేలితో లేపాలె. దాని లోపల ఇంకో పలుచటి మూత ఉంటే అదీ గట్లనే తియ్యాలె. ఇట్ల రాకపోతే ఆపి నా దగ్గరికి తెమ్మన్న. ఫ్లాష్ వెయ్యొద్దు, లోహం మీద తెల్లటి మచ్చ పడి రాతలు కనపడవు. పొద్దుగాల కిటికీ పక్కన తెల్ల కాగితం మీద పెట్టి, వెలుగు ఒక పక్క నుంచి పడేటట్టు తీస్తే సన్నటి చెక్కుడు రాతలు కూడా లేస్తయి. ఒకటి నిటారుగ, ఒకటి ఏటవాలుగ, ఇంకోటి మూత లోపలి వైపు. పది సెకండ్ల వీడియో ఒకటి, ఫోన్‌ను గడియారం పక్కన్నే పెట్టి, చప్పుడు వినపడేటట్టు.

పిల్లగాడు చెప్పింది చెప్పినట్టు చేసిండు. లోపలి మిషన్ మీద అదే కంపెనీ పేరు, రంగుతో రాసింది కాదు, చెక్కింది, అక్షరాల అంచులు పదునుగ ఉన్నయి. పదిహేను జ్యువెల్స్ అని రాసి ఉన్నది, చక్రాల ఇరుసుల దగ్గర ఎర్ర రాళ్లు కనపడుతున్నయి. ఆ రోజులల్ల అగ్గువకు దొరికే గడియారాలల్ల రాళ్లు ఉండకపోయేటివి, ఉన్నా కొన్నే. వాటి చప్పుడు కూడా డబ్బా కొట్టినట్టు గరుకుగ ఉంటది. వీడియోల చప్పుడు సన్నగ, సమంగ ఉన్నది. నెమ్మదిగ నడిపిచ్చి లెక్కబెడితే సెకండుకు ఐదు. ఇంకొకటి, మిషన్ ఆ డబ్బాల సరిగ్గ కూసున్నది. వేరే గడియారం మిషన్ తెచ్చి పెడితే చానాసార్లు కీ ఇచ్చే ఇరుసు, డబ్బాకున్న రంధ్రం ఒక్క వరుసల రావు, అదనంగ స్క్రూ గుర్తులు పడుతయి. ఇక్కడ అసుంటిదేమీ లేదు.

"అంకుల్, మూత లోపల ఏదో పిట్ట ఉన్నది" అన్నడు. అది వెండి ముద్ర. స్విస్ వెండి డబ్బాల మీద 0.800 అంకె పక్కన ఉండే పిట్ట గుర్తు. పిట్ట పక్కన్నే సూదితో గీకిన గీత ఇంకోటి కనపడ్డది, పిల్లగాడు దాన్ని ఊరికె పడ్డ గీత అనుకున్నడు. నేను పెద్దగ చేసి చూసిన. "ల 12-84."

అది మా నాయన చెయ్యి. రిపేరు చేసినోళ్లు మూత లోపల గుర్తు, తారీఖు గీకి పెట్టుకునుడు పాత రివాజు. పాత పద్దు తీసి 1984 డిసెంబర్ పేజీ చూస్తే ఒక వెండి జేబు గడియారం, డయల్ రంగు, పట్నం పంపినది అని ఉన్నది. అసలు డయల్ మచ్చలు పడితే నాయన దాన్ని రంగు వేసేటాయనకు పంపిండు, ఆయన చేతిరాత లెక్క రాసి పంపిండు. మా దుకాణం నుంచి పోయి వచ్చిన డయల్‌ను చూసి నేనే నకిలీ అన్న.

అదే రోజు మోటర్ సైకిల్ మీద చండూరు పోయి ఆ తాతకు ముఖం మీద చెప్పిన. గడియారం అసలుది, డయల్ మాత్రం తర్వాత రంగు వేసింది, వేయించింది మా నాయన, తప్పు చెప్పింది నేను.

ఇగ మీకు సంబంధించిన ముచ్చట. రెండేండ్ల సంది వాట్సాప్‌ల ఫొటో పంపితే పైసా తీసుకోకుండా చెప్తున్న. దీన్ని ఆపాల్నా వద్దా అని వారం రోజులు నిద్ర పట్టలేదు. హాలియా, దేవరకొండ నుంచి ఒక్క మాట కోసం బస్సు ఎక్కి రావాల్నంటే ముసలోళ్లకు కష్టం, ఆ కష్టం తప్పియ్యాలనే మొదలుపెట్టిన. దానికి తోడు, మూడు తరాలు నమ్మిన చెయ్యి చూడలేనంటుందా అని నా మనసే ఒప్పుకోలేదు. నా భార్య ఒక్క మాట అడిగింది: "ఆ పిల్లగాడు రెండోసారి అడగకపోతే?" దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అందుకే ముఖం ఫొటో ఒక్కటే పంపితే ఇగ అసలు, నకిలీ అని చెప్ప. లోపలి మిషన్, మూత లోపలి వైపు, చప్పుడు వీడియో పంపితే కనపడ్డదేందో చెప్త, తీర్పు మాత్రం గడియారం చేతికి వచ్చినంకనే. ఫొటోల ఇరుసు మార్చిండ్రా, లోపలి భాగాలు వేరేటివా అన్నది తెలవదు, ధర అసలే తెలవదు. దుకాణంల విప్పి చూసుడు పైసలు లేకుండనే. మూత రాకుంటే బలవంతం చెయ్యకుండ్రి. నేను ఇంతకుముందు డయల్ చూసి డూప్లికేట్ అన్న గడియారం ఎవరి దగ్గరనన్న ఉంటే మళ్ల తీసుకురాండ్రి, ఒక్కొక్కటి విప్పి చూస్త.

డయల్‌ను మళ్ల సరిగ్గ రాయించి ఇస్తనని తాతతో అన్న. ఆయన ఒప్పుకోలేదు. "మీ నాయన వేయించిందే ఉండనియ్" అన్నడు. నూనె వేసి, శుభ్రం చేసి పెట్టిన. ఆదివారం పిల్లగాడు వచ్చి తీసుకపోతడు.