యూనిఫాం గుడ్డ తీసుకునే ముందు

అందరికీ నమస్కారం. ఉక్కపోత రోజుల్లో చొక్కా వరకైనా నూలుదే తీసుకోండి. పాలిస్టర్ చెమటను దాదాపు పీల్చుకోదు. అది ఒంటిమీదే నిలిచి మెడ దగ్గర, చంకల్లో చెమటకాయలు లేస్తాయి. ప్యాంటు, స్కర్టు వదులుగా ఉంటే మిక్స్‌డ్ గుడ్డయినా ఫరవాలేదు, త్వరగా ఆరుతుంది కూడా.

“ప్యూర్ కాటన్” అన్నారని నమ్మేయకండి. ముక్క అంచు నుంచి నిలువు పోగులు, అడ్డపోగులు విడివిడిగా లాగి, పెద్దవాళ్లే పళ్లెంలో కాల్చి చూడండి. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదైతే నూలు. కరిగి నల్లటి గట్టి పూసలా అయితే పాలిస్టర్. బూడిదలో గట్టి పలుకులు తగిలితే మిక్స్.

నూలు గుడ్డను కుట్టించకముందే రాత్రంతా నానబెట్టి ఆరేయండి, లేదంటే మొదటి ఉతుకుకే చొక్కా పొట్టిదవుతుంది. ముసురు పడితే నూలు ఓ పట్టాన ఆరదు, అదనంగా ఒక జత ఉంచుకోండి.