డబ్బు చేరింది, బొమ్మ రాలేదు: రూ.412 రీఛార్జ్‌పై నోడల్ అధికారికి ఫిర్యాదు

గౌరవనీయులైన నోడల్ అధికారి గారికి,

విషయం: శనివారం రాత్రి 11:58కి కట్టిన రూ.412 టీవీ డిష్ రీఛార్జ్ ఖాతాలో పడకపోవడం, పదకొండు రోజులుగా మీ వాళ్లు నన్ను ఒకరి దగ్గరి నుంచి ఒకరి దగ్గరికి తిప్పడం.

అయ్యా,

మా డాబా మీద మీ కంపెనీ డిష్ గొడుగు 2011 నుంచి ఉంది. ఈదురుగాలికి రెండుసార్లు వంగితే రెండుసార్లూ డబ్బిచ్చి నిలబెట్టించుకున్నాం గానీ కంపెనీ మారలేదు. ఇన్నేళ్లలో మీకు నేను ఫిర్యాదు రాయడం ఇదే మొదటిసారి. రూ.412 కోసం అయితే రాసేవాణ్ణి కాదు. పదకొండు రోజుల్లో ఆరుగురు ప్రతినిధులతో మాట్లాడినా, అడిగిన ఒక్క ప్రశ్నకు ఒక్కరూ జవాబివ్వలేదు. అందుకే రాస్తున్నాను. లెక్కలు టాలీ చేయడమే నా పని కాబట్టి ఆ ప్రశ్న ఏమిటో మీకు అర్థమయ్యేలా కింద చెబుతాను. మీ వాళ్లకు చెప్పి అలిసిపోయాను.

ఆదివారం పొద్దున బొమ్మ రాకపోతే మీ నంబరుకు ఫోన్ చేశాను. గడువు తీరిన ఖాతా కాబట్టి మీ యంత్రం పాత చందాదారుకు ఒక్కటే దారి చూపించింది: "రీఛార్జ్ చేయుటకు ఒకటి నొక్కండి." రీఛార్జ్ చేశాను, పడలేదు అని చెప్పుకోవడానికి నొక్కాల్సిన అంకె మాత్రం ఎక్కడా లేదు. ఖాతా నడుస్తున్నవాళ్లకే మనిషి గొంతు వినిపిస్తుందన్నమాట! చివరికి కొత్త కనెక్షన్ కావాలనే మీట నొక్కితే మూడో రింగుకే ఎత్తారు. కొత్త వాళ్ల మీద మీకున్న ప్రేమ చూసి ముచ్చటేసింది.

ఆ మొదటి ప్రతినిధి నా మాట పూర్తిగా వినకముందే "బాక్స్ ప్లగ్ తీసి పెట్టండి సార్, రిఫ్రెష్ పంపుతున్నాను, ఏదైనా ఛానల్ పెట్టుకుని అరగంట చూడండి" అన్నారు. చూశాను. నల్లటి తెర ముందు అరగంట కూర్చోవడం ఎలా ఉంటుందో మీరూ ఒకసారి ప్రయత్నించండి. నిజానికి ఆ మందు వేరే జబ్బుకి. డబ్బు ఖాతాలో పడ్డాక మీ బిల్లింగ్ వ్యవస్థ, బాక్సులోని ఫలానా కార్డుకు ఫలానా ఛానళ్లు తెరవమని అనుమతి సందేశం ఇస్తుంది. ఆ సందేశం ఉపగ్రహం మీదుగా అందరికీ ప్రసారమవుతుంది, ఎవరి కార్డుకు ఉద్దేశించింది వాళ్ల బాక్సే పట్టుకుంటుంది. ఆ సమయంలో బాక్స్ ఆపేసి ఉంటే సందేశం తప్పిపోతుంది. రిఫ్రెష్ అంటే దాన్ని మళ్లీ పంపడమే. ఖాతాలో బ్యాలెన్స్ పెరిగి, బొమ్మ మాత్రం రానప్పుడు అది పనిచేస్తుంది. నా ఖాతాలో బ్యాలెన్స్ సున్నా. డబ్బే పడని ఖాతాకు ఎన్నిసార్లు రిఫ్రెష్ పంపినా బాక్సుకు చేరేది "ఛానళ్లు మూసి ఉంచు" అన్న మాటే. బ్యాలెన్స్ ఎంతుందో ముందు చూస్తే అరనిమిషంలో తేలిపోయే సంగతి ఇది. మీ వాళ్లు నాలుగు రోజుల్లో నాలుగు రిఫ్రెష్‌లు పంపారు.

రెండో ప్రతినిధి కాస్త శ్రద్ధగా మాట్లాడారు. మా ఇంట్లో రెండు కనెక్షన్లు ఒకే ఫోన్ నంబరు మీద ఉన్నాయా, డబ్బు పొరపాటున రెండోదానికి పోయిందా అని అడిగారు. మంచి ప్రశ్నే. ఫోన్ నంబరు కొట్టి రీఛార్జ్ చేసేవాళ్లకు అలా జరుగుతుంటుంది. మాది ఒకటే కనెక్షన్, కట్టింది చందాదారు నంబరు కొట్టే. అప్పుడు ఆమె వెతికి, "శనివారం మీ పేరు మీద ఏ రీఛార్జూ లేదు సార్" అన్నారు. "ఆదివారం తేదీ పెట్టి చూడండమ్మా" అన్నాను. "మీరు కట్టింది శనివారం కదా సార్?" అని నన్నే తిరిగి అడిగారు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

నేను చెల్లింపుల యాప్‌లో కట్టిన డబ్బు నేరుగా మీకు రాదు. యాప్‌కూ మీకూ నడుమ ఒక మధ్యవర్తి సంస్థ ఉంది. అది మీ దగ్గర ముందే కొంత అడ్వాన్సు వేసి ఉంచుతుంది. నాలాంటి వాడు రీఛార్జ్ చేసినప్పుడల్లా అది తన లావాదేవీ నంబరుతో మీ సర్వరుకు వినతి పంపుతుంది. మీరు ఆ అడ్వాన్సులోంచి రీఛార్జ్ మొత్తాన్ని కోసుకుని, నా ఖాతాలో జమ చేసి, మీ రిఫరెన్స్ నంబరును తిరిగి పంపుతారు. అది పద్ధతి. అర్ధరాత్రికి రెండు నిమిషాల ముందు, మీ దగ్గర చందాదారుల బ్యాలెన్సుల్లోంచి రోజువారీ కోతలూ రోజు ముగింపు పనులూ నడిచే వేళ, వినతి వెళ్లింది. జవాబు గడువులోగా రాలేదు. అలాంటప్పుడు మధ్యవర్తి అదే లావాదేవీ నంబరుతో "ఇది అయిందా, లేదా?" అని మళ్లీ అడగాలి. అడగకుండా కొత్త నంబరుతో మళ్లీ పంపితే రెండుసార్లు కోత పడొచ్చు. అసలేమీ అడగకుండా "సక్సెస్" అని చూపిస్తే నా గతే పడుతుంది. నా రసీదులో సక్సెస్ అని పచ్చగా ఉంది గానీ, ఆపరేటర్ రిఫరెన్స్ ఉండాల్సిన చోట ఖాళీ. మీ సర్వరు నుంచి ఆఖరి జవాబు వాళ్లకు చేరలేదనడానికి ఆ ఖాళీయే గుర్తు.

మర్నాడు రెండు వైపులా ఫైళ్లు సరిచూసుకుంటారు. వాళ్ల ఫైల్లో నా లావాదేవీ శనివారం 11:58కి ఉంటుంది. మీ సర్వరు దాన్ని 12 దాటాక అందుకుని ఉంటే, మీ ఫైల్లో అది ఆదివారం కింద ఉంటుంది. శనివారాన్ని శనివారంతోనే పోలిస్తే వాళ్ల దగ్గర ఒకటి ఎక్కువ. ఆదివారాన్ని ఆదివారంతోనే పోలిస్తే మీ దగ్గర ఒకటి ఎక్కువ. రెండూ సరిపోలని పద్దులుగా రెండు వేర్వేరు జాబితాల్లో కూర్చుంటాయి. మొత్తమూ లావాదేవీ నంబరూ పట్టుకుని, తేదీని ఒక రోజు అటూ ఇటూ జరిపి చూస్తే రెండూ ఒకటేనని తేలుతుంది. ఏ చిన్న బ్యాంకు శాఖలోనైనా కొత్తగా చేరిన గుమాస్తాకు మొదటి వారంలో నేర్పే పని ఇది.

ఇంతకీ నేను ఆరుగురినీ అడిగిన ప్రశ్న: ఆ రాత్రి మధ్యవర్తి అడ్వాన్సులోంచి రూ.412 కోత పడిందా, లేదా? పడి ఉంటే డబ్బు మీ దగ్గరుంది, నా ఖాతాలో వేయాల్సింది మీరే. పడకపోతే డబ్బు యాప్ వైపు ఉంది, వాపసు ఇవ్వాల్సింది వాళ్లు. మీరు "కోత పడలేదు" అని రాసిస్తే ఆ కాగితం పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళతాను. అవునో కాదో, ఒక్క మాట.

ఆ మాట చెప్పాల్సిన మూడో ప్రతినిధి నన్ను బ్యాంకుకు పొమ్మన్నారు. "అయిదు రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది, లేకపోతే రోజుకు వంద రూపాయలు బ్యాంకే ఇస్తుంది, రిజర్వ్ బ్యాంకు రూలు" అని ధీమాగా సెలవిచ్చారు. రూలు ఉన్న మాట నిజమే. 2019 సెప్టెంబరులో వచ్చిన సర్క్యులర్ అది. యూపీఐలో ఖాతా నుంచి డబ్బు పోయి, వ్యాపారికి చెల్లింపు ఖరారు అందకపోతే అయిదు రోజుల్లోగా తిరిగి జమ కావాలి, ఆపైన ఆలస్యమైతే రోజుకు రూ.100. కానీ నా చెల్లింపు విఫలం కాలేదు. ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు యూటీఆర్ చూసి బ్యాంకు వాళ్లు చెప్పారు, డబ్బు యాప్ ఖాతాకు చేరిపోయిందని. చెల్లింపు ముగిసింది, ఆగింది రీఛార్జ్. రీఛార్జ్ ఆగినదానికి మా బ్యాంకు ఎందుకు రోజుకు వంద ఇస్తుంది? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది.

యాప్ వాళ్లు "మా వైపు సక్సెస్, ఆపరేటర్‌ను అడగండి" అన్నారు. రసీదు మీద బిల్లు చెల్లింపుల వ్యవస్థ భారత్ కనెక్ట్ గుర్తు ఉండి ఉంటే ఆ లావాదేవీ నంబరుతో యాప్‌లోంచే ఫిర్యాదు నమోదు చేసేవాణ్ణి, అది మీ వైపు సంస్థ దాకా తనంతట తానే వచ్చేది. నా రసీదు మీద ఆ గుర్తు లేదు. కాబట్టి మళ్లీ మీ గుమ్మమే.

నాలుగో వారు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పంపాను. 48 గంటలన్నారు. తర్వాతి శనివారం "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు 5 నక్షత్రాలు ఇవ్వండి" అని సందేశం వచ్చింది. పరిష్కారం తెరకు తెలియనట్టుంది, అది నల్లగానే ఉంది. అయిదో వారు, మూసేసిన ఫిర్యాదు మళ్లీ తెరవడం కుదరదు, కొత్తది పెట్టుకోండి అన్నారు. దాంతో నా 48 గంటలు మళ్లీ మొదలు.

ఆరో ప్రతినిధి సలహా అన్నిటికంటే అద్భుతం: "మళ్లీ ఒకసారి రీఛార్జ్ చేసేయండి సార్, పాతది వస్తే అడ్జస్ట్ అవుతుంది." అడ్జస్ట్ అంటే ఏమిటో నాకు తెలుసు. పాత రూ.412 ఎప్పుడో పడుతుంది, నగదుగా వెనక్కి రాదు, బ్యాలెన్స్‌గా కూర్చుని రోజూ కరుగుతుంది. పైగా రెండోసారి కట్టిన మర్నాటి నుంచి ఖాతా నడుస్తున్నట్టే కనిపిస్తుంది కాబట్టి, మొదటి డబ్బు సంగతి మీ వాళ్లెవరికీ పట్టదు. ఎంతమంది ఇలా విసుగెత్తి రెండోసారి కట్టేసి ఊరుకున్నారో మీ సరిపోలని పద్దుల జాబితా తెరిస్తే మీకే తెలుస్తుంది.

ఇకనైనా ఆ రూ.412ని, బొమ్మ లేని రోజులకు గడువు పొడిగింపుతో సహా నా ఖాతాలో వేయండి. లేదా కోత పడలేదని మీ సంతకంతో రాసివ్వండి. నిజం చెప్పాలంటే, ఆ ఫిర్యాదును ఎవరు, ఏం చూసి మూశారో చెబితే డబ్బు రెండు రోజులు ఆలస్యమైనా సహిస్తాను.

వారం రోజులు చూస్తాను. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెబుతాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. రూ.5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదని మీ న్యాయ విభాగానికి తెలిసే ఉంటుంది. నేను అడిగేది రూ.412 ఒక్కటే ఉండదు, ఆరు ఫోన్ల సమయానికీ లెక్క వేస్తాను. లెక్క వేయడం నాకు బాగా వచ్చు. గొడుగు దింపడానికి పక్కింటబ్బాయి నిచ్చెన కూడా ఇస్తానన్నాడు.

యూటీఆర్, యాప్ లావాదేవీ నంబరు, ఖాళీ కనిపించే రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ వరస, మీరిచ్చిన రెండు ఫిర్యాదు నంబర్లు జతచేశాను.

ఇట్లు,
మీ పాత చందాదారు
(చందాదారు నంబరు జతచేసిన పత్రంలో ఉంది)

తా.క.: మీ వాళ్లు నాకు ఫోన్ చేసేటట్టయితే, ఆదివారం ఫైలు ముందు తెరిచి పెట్టుకుని చేయమనండి. బాక్స్ ప్లగ్ తీయమంటే మాత్రం తీయను.