కిడ్నీ రిపోర్టులో సగమే రాస్తున్నారు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆరోగ్య శిబిరాల్లో షుగర్, బీపీ ఉన్నవాళ్లకి కిడ్నీ పరీక్ష అంటే చాలాచోట్ల రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే చూస్తున్నారు. అది హద్దులో ఉంటే 'నార్మల్' అని రాసి పంపేస్తున్నారు. ల్యాబులో పనిచేసేవాడిగా ఇది ఎంత ప్రమాదమో చెప్పాలని ఈ లేఖ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 52 ఏళ్ల షుగర్ రోగికి, 68 ఏళ్ల పెద్దావిడకి క్రియాటినిన్ సరిగ్గా 1.1 వచ్చిందనుకోండి. వయసు, ఆడా మగా తేడా కలిపి లెక్కగడితే ఆయన జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం, దాదాపు 81. ఆవిడది 55. జీఎఫ్ఆర్‌ని బట్టి చేసే వర్గీకరణలో ఆయనది జీ2, ఆవిడది జీ3ఏ. ఇంతవరకే చూస్తే ఆవిడకి 'మూడో స్టేజీ' అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు, ఆయన నిశ్చింతగా ఇంటికెళ్తాడు.

ఇప్పుడు ఇద్దరి మూత్రంలో పోయే అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంతో చూద్దాం. గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాముల లోపైతే ఏ1, 300 వరకు ఏ2, ఆపైన ఏ3. ఆవిడకి 12 వచ్చింది, ఆయనకి 420. అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలైన కేడీఐజీఓ పట్టికలో జీ3ఏ–ఏ1 ఓ మోస్తరు ముప్పు, జీ2–ఏ3 అంతకంటే ఎక్కువ ముప్పు. కిడ్నీని కాపాడే మందులు వెంటనే మొదలుపెట్టాల్సింది 'నార్మల్' అనిపించుకున్న ఆయనకే. జీఎఫ్ఆర్ 60 పైన ఉన్నంతకాలం జబ్బు ఆనవాలు ఎక్కువగా మూత్రంలోనే దొరుకుతుంది.

అలాగని మూత్రం ఒక్కటే చూసినా చాలదు. మా ఉద్దానంలో కనిపించే జబ్బులో అల్బుమిన్ పెద్దగా పోదు, వడపోత మాత్రం పడిపోతూ ఉంటుంది. అక్కడ మూత్రం రిపోర్టు చూసి ఊరుకుంటే మనిషి చేజారిపోతాడు.

శిబిరాల్లో వాడే మూత్రం స్ట్రిప్పు ఈ పనికి సరిపోదు. అల్బుమిన్ కొద్దిగా పోతున్న ఏ2 దశని అది తరచుగా పట్టుకోలేదు. పైగా నీళ్లు బాగా తాగి వచ్చినవాళ్ల మూత్రం పలచబడి రంగు మారదు. అల్బుమిన్‌ని క్రియాటినిన్‌తో భాగించే ఏసీఆర్ పరీక్షలో ఆ చిక్కు లేదు. పొద్దున లేవగానే పోసిన మూత్రమైతే మరీ మంచిది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు ఒళ్లు విరిగే చాకిరీ ఉన్నప్పుడు అంకె పెరుగుతుంది. కాబట్టి ఒక్కసారి చూసి ముద్ర వేయకూడదు. మూడు నెలలకు పైగా నిలిచి ఉందని తేలాకే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలి.

వైద్య ఆరోగ్య శాఖని నేను కోరేది ఇది: షుగర్, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ క్రియాటినిన్‌తో పాటు ఏడాదికోసారి ఏసీఆర్ చేయించాలి. రిపోర్టులో వట్టి క్రియాటినిన్ కాకుండా జీఎఫ్ఆర్ లెక్కగట్టి, 'జీ2–ఏ3' అని రెండూ పక్కపక్కనే అచ్చువేయాలని ప్రభుత్వ, ప్రైవేటు ల్యాబులన్నిటికీ ఆదేశాలివ్వాలి.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం జిల్లా