కమిటీ నివేదిక ‘ఇచ్చారు’ అంటే ఎవరిచ్చినట్టు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో చెరువు కట్ట తెగిన వార్త చూశాను. ‘విచారణ కమిటీ ముగ్గురు ఇంజనీర్లతో కలిసి కట్టను పరిశీలించి నివేదిక ఇచ్చారు’ అని రాశారు. కమిటీ ఇచ్చిందా, ఇంజనీర్లు ఇచ్చారా? ఊరు మునిగిన విషయంలో సంతకం ఎవరిదో తెలియాలి కదా!

కమిటీ, బృందం, మంత్రివర్గం, కుటుంబం. వీటిలో ఎంతమంది ఉన్నా తెలుగులో ఇవి ఏకవచనాలే. బృందం వచ్చింది, మంత్రివర్గం ఆమోదించింది అనాలి. ‘జనం వచ్చారు’ అంటున్నాం కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, జనం అనే మాటకు ఆ వాడుక ఉంది. దాన్ని చూసి బృందానికీ ‘వచ్చారు’ తగిలించడం తప్పు. సభ్యులు తలో మాట చెప్పారనుకోండి, అప్పుడు ‘కమిటీ సభ్యులు చెప్పారు’ అని రాయండి. ఒక్క మాట చేర్చడానికి చోటు లేకపోదు.

అదే పేజీలో ఇంకొకటి. ‘భారీ వర్షాలకు మూడు మండలాల్లో వందల ఎకరాల్లోని వరి పంట నీట మునిగాయి.’ మునిగింది పంట. వర్షాలు, మండలాలు, ఎకరాలు అంటూ వరసగా బహువచనాలు వచ్చేసరికి రాసేవారి చెవి అటే పోయింది. మన క్రియ వాక్యం చివర్లో ఉంటుంది, దానికి ముందు ఇలాంటి బహువచనాలు ఎన్నో వచ్చిపోతాయి. అందుకే ఈ పొరపాటు సులువుగా దొర్లుతుంది. పట్టుకోవడం కూడా అంతే సులువు. మిగతాదంతా తీసేసి ‘పంట మునిగాయి’ అని పైకి చదివితే చాలు. ఆ పాటి చదివేవాళ్లు డెస్కులో లేరా? ఒకప్పుడు పత్రికల్లో ప్రూఫ్ రీడర్లు ఉండేవారు. ఇప్పుడు ఆఫీసుల నుంచి వచ్చిన ప్రెస్‌నోటు వచ్చినట్టే అచ్చవుతోంది.

ఆ ప్రెస్‌నోట్ల తెలుగు మరీ ఘోరం. పథకం ప్రకటన ఒకటి మీరే వేశారు: ‘భర్త గానీ భార్య గానీ బ్యాంకుకు వచ్చి సంతకం చేస్తాడు.’ మరి భార్య వస్తే? ‘చేస్తుంది’ అని మార్చినా భర్తకు కుదరదు. ఇలాంటి చోట ‘సంతకం చేయాలి’ అంటే ఇద్దరికీ సరిపోతుంది. ‘చేయవచ్చు’, ‘రాలేదు’, ‘వస్తే’ లాంటి రూపాలు కూడా ఆడ, మగ, ఏకవచనం, బహువచనం అన్నిటికీ ఒకేలా ఉంటాయి. ఇంత చక్కటి దారి మన భాషలోనే ఉంటే ప్రభుత్వ ఆఫీసులో ఒక్కరికీ తట్టదా? ఆ కాగితం చదివి, ఆడవాళ్ల సంతకం చెల్లదేమోనని మా వీధిలో ఇద్దరు టెన్షన్ పడ్డారు.

పిల్లలకు భాష రావాలంటే పేపరు చదవమని క్లాసులో చెప్పిన తరం మాది. దయచేసి కమిటీ వార్తకు సవరణ వేయండి. నివేదిక మీద సంతకం ఎవరు పెట్టారో అందులో స్పష్టంగా రాయండి.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి